తమ్మీ, అన్ని టిక్కులూ మనకే పడితే ఆ షీట్ ఎవరూ నమ్మరు

తమ్మీ,

నువ్వు పంపిన కంపారిజన్ షీట్ రాత్రి రెండుసార్లు చూశాను. పద్నాలుగు వరుసలుంటే మన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి పద్నాలుగు టిక్కులు పెట్టావు, అవతలి వాళ్లకి ఐదు. దాన్ని ఎనుమాముల మార్కెట్లో ఏ అడ్తి దుకాణంలో పెట్టినా సేటు పద్నాలుగు వరుసలూ చదవడు, తనకు బాగా తెలిసిన ఒక్క వరుస చూస్తాడు, ఎందుకంటే ఆ పోటీ సాఫ్ట్‌వేర్‌ని తన గుమాస్తా రోజూ వాడుతున్నాడు. ఆ ఒక్కటి తప్పయితే మిగతావి నిజమైనా లెక్కలోకి రావు.

నాకు ఇది దెబ్బ తిన్నాకే తెలిసింది. ఒక షీట్‌లో అవతలి వాళ్ల గురించి "తక్‌పట్టీ తెలుగులో రాదు" అని రాశాను. గుమాస్తా ఏమీ అనకుండా డ్రాయర్ తీసి, ముందురోజు రైతుకిచ్చిన తక్‌పట్టీ నకలు నా ముందు పెట్టాడు. అచ్చ తెలుగులో ఉంది! నేను ఎనిమిది నెలల కింద చూసిన డెమో పట్టుకుని రాశాను, వాళ్లేమో మధ్యలో కొత్త వెర్షన్ తెచ్చారు. ఆ దుకాణమే కాదు, పక్కన ఉన్న రెండు కూడా పోయాయి.

అందుకే ప్రతి గడికీ వెనకాల ఒక రుజువు దాచుకో. వాళ్ల ఏ వెర్షన్, ఏ ప్లాన్, ఏ తేదీన చూశావు, స్క్రీన్‌షాట్ ఎక్కడ ఉంది, ఇవన్నీ. ట్రయల్ దొరికితే నీ లాప్‌టాప్‌లో వేసి నువ్వే చేసి చూడు. వెబ్‌సైట్‌లో కనిపించనంత మాత్రాన "లేదు" అని రాయకు, "ఫలానా తేదీకి వాళ్ల సైట్‌లో ప్రస్తావన లేదు" అను, లేదా వాళ్లకే ఫోన్ చేసి అడుగు. షీట్ అడుగున చూసిన తేదీ, వెర్షన్ పేరు తప్పకుండా వెయ్యి. ప్రకటనల ప్రమాణాల మండలి ఏఎస్‌సీఐ నియమావళి కూడా పోలిక వద్దనదు, అది వాస్తవమై, రుజువు చూపగలిగేదై ఉండాలంటుంది, మనకు లాభం కలిగేలా అంశాలను ఏరుకోవద్దంటుంది.

ఏరుకోవడం అంటే గుర్తొచ్చింది, నీ వరుసలన్నీ మన ఫీచర్ లిస్టులోంచి వచ్చినవే. ఈ-ఇన్‌వాయిస్ వరుస చూడు, ఏడాది టర్నోవర్ 5 కోట్లు దాటని దుకాణానికి అది తప్పనిసరి కాదు, అలాంటి చోట ఆ టిక్కుతో పనేముంది? వరుసలు గుమాస్తా పనిలోంచి రావాలి. మిర్చి సీజన్‌లో కాంటా అయ్యాక బస్తాల తూకం ఎక్కించి, హమాలీ, దడ్వాయి ఖర్చులు తీసేసి తక్‌పట్టీ చేతికొచ్చేసరికి ఎంతసేపు పడుతుంది అన్నది అసలు వరుస. అదే ఇరవై లాట్లు రెండు సాఫ్ట్‌వేర్లలోనూ కొట్టించి చూడు. కానీ రెండూ నువ్వు కొట్టకు, మనది నీకు అలవాటు కదా. వాళ్లది రోజూ వాడే మనిషితో వాళ్లది కొట్టించు.

ఇక ధర. మనది "నెలకు 500", వాళ్లది "27,000" అని పక్కపక్కన పెట్టావు, ఇది నాకు అసలు నచ్చలేదు. మన 500 ఒక్క యూజర్‌కి, వాళ్ల 27,000 మూడు కంప్యూటర్లకి ఒకేసారి కట్టేది. ముగ్గురు కూర్చునే దుకాణానికి మూడేళ్ల లెక్క వేద్దాం. మనది నెలకు 1,500, ఏడాదికి 18,000, మూడేళ్లకు 54,000. వాళ్లది 27,000, రెండో ఏడాది నుంచి రెన్యూవల్ 6,000 చొప్పున రెండుసార్లు, మొత్తం 39,000. మొదటి ఏడాది మనమే 9,000 తక్కువ, మూడేళ్లకు మనమే 15,000 ఎక్కువ. రెండు అంకెలూ రాయి, జీఎస్టీ కలిపితే రెండింటికీ కలుపు, తీసేస్తే రెండింటికీ తియ్యి. ఆ పక్కనే 15,000కి సేటుకి ఏం వస్తుందో చెప్పు: బ్యాకప్ మనమే చూసుకోవడం, హన్మకొండలో ఇంట్లో కూర్చుని సాయంత్రం లెక్క చూసుకోవడం. అవి అక్కర్లేని సేటు వాళ్లదే ఉంచుకుంటాడు, ఉంచుకోనీ.

నెట్ పోతే మనది ఆగిపోతుంది, వాళ్లది ఆగదు. ఆ వరుస నీ షీట్‌లో లేదు. దాన్ని మూడో వరుసగా పెట్టు, అడుగున చిన్న అక్షరాల్లో కాదు. ఫోన్ హాట్‌స్పాట్‌తో నడుస్తుందని కూడా రాయి, కానీ ముందు యార్డులోకి వెళ్లి, రద్దీ ఉన్న పొద్దున సిగ్నల్ ఎలా ఉందో నువ్వు స్వయంగా చూశాకే.

షీట్ మార్చి నాకు పంపు, అచ్చు వేయించే ముందు ఆ పోటీ సాఫ్ట్‌వేర్ వాడే గుమాస్తా ఒకరికి చూపించి, తప్పు అన్న గడి చుట్టూ పెన్నుతో సున్నా చుట్టమను. ఆ కాగితం ఫొటో కూడా నాకు పెట్టు.