డైరెక్టర్ గారు ముందు ఏ స్లైడ్ చూడాలో ఒక్క పేరాలో చెప్పడం

ప్రశ్న: సర్, నేను ఎంబీఏ చివరి సంవత్సరం, నెల్లూరు దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. గుంటల దగ్గర నుంచి ప్లాంటుకి సరుకు ఆలస్యంగా రావడం మీద 22 స్లైడ్ల డెక్ చేశాను. సోమవారం డైరెక్టర్ గారితో మీటింగ్. డెక్‌తో పాటు ఒక్క పేరా ప్రీ-రీడ్ నోట్ పెట్టమని మా మేనేజర్ చెప్పారు. మూడుసార్లు రాస్తే మూడుసార్లూ "ఇది నోట్ కాదమ్మా, స్లైడ్ల లిస్టు" అని వెనక్కి పంపారు. డెక్, దాని ఎక్సెల్ షీట్, నా మూడో నోట్ జత చేశాను. ఏం తప్పు చేస్తున్నానో చెప్పండి.

జవాబు:

నీ మూడో నోట్ చదివానమ్మా. "ఈ ప్రజెంటేషన్‌లో సేకరణ విధానం, ఆలస్యానికి కారణాలు, ఖర్చుల విశ్లేషణ, సిఫార్సులు వివరంగా చర్చించడం జరిగింది" అని మొదలైంది. ఆ వాక్యంలో రొయ్యలు తీసేసి గ్రానైట్ పెట్టు, పొగాకు పెట్టు, ఒక్క అక్షరం మార్చక్కర్లేకుండా సరిపోతుంది. మీ మేనేజర్ వెనక్కి పంపింది అందుకే. డెక్‌లో ఏమేం ఉన్నాయో చెప్పావు గానీ, డైరెక్టర్ గారు దేని కోసం చూడాలో చెప్పలేదు.

ఆ నోట్ ఎలాంటి చోట చదవబడుతుందో ఒకసారి ఊహించుకో. డైరెక్టర్ గారు చెన్నై వెళ్లే కారులో ఉంటారు, చేతిలో ఫోన్, మధ్యమధ్యలో కాల్స్. మెయిల్ తెరిస్తే పైనున్న పేరా చదువుతారు, కింద ఉన్న ఫైల్ తెరవచ్చు, తెరవకపోవచ్చు. తెరిచినా ఆ చిన్న స్క్రీన్ మీద 22 స్లైడ్లు వేలితో తోసుకుంటూ పోరు, రెండో మూడో చూస్తారు. ఆ రెండు మూడు ఏవో నువ్వు చెప్పకపోతే మొదటి మూడు చూస్తారు. నీ డెక్‌లో మొదటి మూడు ఏంటి? కంపెనీ పరిచయం, ఎజెండా, జిల్లాలో రొయ్యల సాగు. తన కంపెనీ గురించి తనకే చెప్పే స్లైడ్లు చూసి ఫోన్ పక్కన పెట్టేస్తారు.

కాబట్టి ముందు నోట్ సంగతి వదిలేసి, ఒక ప్రశ్నకి జవాబు రాసుకో: సోమవారం ఆ గదిలోంచి ఆయన ఏం తేల్చి బయటికి రావాలి? నీ డెక్ మొత్తం తిరగేస్తే నాకు అది 19వ స్లైడ్‌లో, అడుగున, చిన్న అక్షరాల్లో దొరికింది. ఇప్పుడు ట్రిప్పు లెక్కన పిలుస్తున్న బండ్ల బదులు 4 ఇన్సులేటెడ్ బండ్లని ఏడాది కాంట్రాక్టుకి తీసుకోవాలని నువ్వు అడుగుతున్నావు. నోట్‌లో మొదటి వాక్యం ఇదే కావాలి. ఇంకేదీ కాదు.

రెండోది, ఆ నిర్ణయాన్ని అటో ఇటో తిప్పే అంకె. నీ దగ్గర అంకెలు చాలా ఉన్నాయి, నోట్‌లో అన్నీ పోశావు కూడా, కానీ తిప్పేవి రెండే. 13వ స్లైడ్ ప్రకారం కాంట్రాక్టు బండికి నెలకి 1.6 లక్షలు, నాలుగింటికి 6.4 లక్షలు, ఇప్పటి ట్రిప్పు కిరాయిలు నెలకి 4.9 లక్షలు, అంటే అదనంగా 1.5 లక్షలు. ఇంకోవైపు ఏప్రిల్ నుంచి జూన్ దాకా వచ్చిన 212 లోడ్లలో 38 ఆలస్యంగా వచ్చాయి, తలలు వదులై, షెల్ మెత్తబడి గ్రేడ్ తగ్గింది, దానివల్ల మూడు నెలల్లో 11.4 లక్షలు, అంటే నెలకి 3.8 లక్షలు పోయింది. అందులో సగం ఆగుతుందని 16వ స్లైడ్‌లో అనుకున్నావు, అంటే 1.9 లక్షలు. 1.5 పెట్టి 1.9 మిగుల్చుకోవడం. నెలకి 40 వేలు లాభం. ఇది చాలా సన్నటి గీత అని గమనించావా? సగం బదులు నూటికి 40 అనుకుంటే ఖర్చూ ఆదా దాదాపు సమానం, అంతకన్నా తగ్గితే చేతి నుంచి పడుతుంది.

మూడోది కొత్తవాళ్లందరూ దాచేది, నేనూ దాచినది. అప్పట్లో ఒంగోలులో ఒక గ్రానైట్ కంపెనీలో పనిచేసేవాణ్ణి. ఎగుమతి లెక్కల డెక్‌లో డాలర్ రేటు పాత నెలది వాడాం, మార్చడానికి టైమ్ లేదు, నోట్‌లో ఆ మాట చెప్పకుండా పంపాను. మీటింగ్‌లో పెద్దాయన 9వ స్లైడ్ దగ్గర అది పట్టుకున్నారు, గంట మీటింగ్ మొత్తం ఆ రేటు చుట్టూనే తిరిగింది, అడగాల్సింది అడగనే లేదు. పాత రేటు వాడటం పెద్ద తప్పేం కాదు. ముందే ఒక్క వాక్యం రాసి ఉంటే ఆయన తల ఊపి ముందుకి వెళ్లేవారు. ఆయనే కనిపెట్టారు కాబట్టి మిగతా అంకెలన్నిటినీ అనుమానించడం మొదలుపెట్టారు.

నీ డెక్‌లో అలాంటి బలహీనమైన చోటు ఆ "సగం". నీ ఎక్సెల్ షీట్ చూస్తే 38 ఆలస్యపు లోడ్లలో కారణం రాసి ఉన్నది 21కే. ఆ 21లో 13 బండి రాక ఆలస్యం, మిగతా 8 గుంట దగ్గర పట్టుబడి కూలీలు టైముకి రాకపోవడం, ఐస్ చాలకపోవడం. మిగిలిన 17 లోడ్ల సంగతి ఎవరికీ తెలియదు. కూలీలు రాకపోతే నీ కొత్త బండి గుంట గట్టు మీద ఖాళీగా నిలబడుతుంది, అంతే. ఈ విషయం నోట్‌లో నువ్వే చెప్పాలి.

ఇక్కడ ఇంకొకటి కనబడింది, నాకు దీనిమీదే ఎక్కువ పట్టింపు. నీ లెక్క మొత్తం ఏప్రిల్, మే, జూన్ లోడ్లది. అవి మీకు పట్టుబడి జోరుగా ఉన్న నెలలు. పట్టుబడి తగ్గిన నెలల్లో ట్రిప్పులు తగ్గుతాయి, కిరాయి 4.9 నుంచి కిందికి దిగుతుంది, కాంట్రాక్టు మాత్రం 6.4 దగ్గరే కూర్చుంటుంది, ఆలస్యపు లోడ్లూ తక్కువే కాబట్టి ఆదా కూడా తగ్గుతుంది. అంటే మూడు నెలల లెక్క చూపించి పన్నెండు నెలల కాంట్రాక్టు అడుగుతున్నావు. 22 స్లైడ్లు చేసినన్నాళ్లూ ఇది కనబడలేదు, ఎందుకంటే కాంట్రాక్టు మాట 19లో ఉంది, నెలల మాట 6లో ఉంది. రెండూ ఒక పేరాలో పక్కపక్కన పెడితే వెంటనే కొట్టుకుంటాయి. నువ్వు స్లైడ్ల లిస్టు రాస్తూ ఉన్నంతకాలం ఇవి పక్కపక్కకి రావు.

సరే, ఏడాది బదులు సీజన్ వరకే అడుగుతూ నేనైతే ఇలా రాస్తాను. మీ ఆఫీసులో మెయిల్ ఇంగ్లీషులో పోతుందని తెలుసు, ముందు తెలుగులో రాసుకో, ఎందుకంటే ఇంగ్లీషులో మనం తెలియకుండానే "వివరంగా చర్చించడమైనది" తరహాలోకి జారిపోతాం.

"సోమవారం మీరు తేల్చాల్సింది ఒకటే: సరుకు తెచ్చే 4 బండ్లని నెలవారీ కాంట్రాక్టుకి తీసుకోవాలా, తీసుకుంటే ఏడాదికా, పట్టుబడి సీజన్‌కా. మా ప్రతిపాదన సీజన్ వరకే. సీజన్‌లో అదనపు ఖర్చు నెలకి 1.5 లక్షలు. ఆలస్యపు లోడ్లలో గ్రేడ్ తగ్గి ఇప్పుడు పోతున్నది నెలకి 3.8 లక్షలు, అందులో సగం ఆగుతుందని లెక్క వేశాం. ముందు 13వ స్లైడ్‌లో ఖర్చు పట్టిక, తర్వాత 16వ స్లైడ్ చూడండి. మాకు గట్టిగా తెలియనిది ఆ సగం: 38 ఆలస్యపు లోడ్లలో 21కే కారణం నమోదైంది, వాటిలో 13 బండి వల్ల. ఆదా నూటికి 40 కన్నా తగ్గితే పెట్టిన ఖర్చు తిరిగి రాదు. లెక్క ఏప్రిల్ నుంచి జూన్ వరకు మాత్రమే. 3 నుంచి 10 వరకు స్లైడ్లు నేపథ్యం, వదిలేయవచ్చు."

ఫోన్‌లో ఒక స్క్రీన్‌కి అటూఇటూగా వస్తుంది. ఇంతకన్నా పెంచకు. చివరి వాక్యం తీసేద్దామనిపిస్తుంది, కష్టపడి చేసిన ఎనిమిది స్లైడ్లని వదిలేయమని ఎలా చెప్తాం అని. తీసేయకు. ఏది చూడక్కర్లేదో చెప్తేనే ఏది చూడాలన్న మాటకి బలం వస్తుంది. "సమయం ఉంటే అన్నీ చూడగలరు" అని మర్యాదకి చేర్చావంటే 13, 16 అన్న అంకెలు అందులో మునిగిపోతాయి.

స్లైడ్ నంబర్ల దగ్గర చాలామంది దెబ్బతింటారు. నీ పవర్‌పాయింట్‌లో 13కి ముందు రెండు స్లైడ్లు హైడ్ చేసి ఉన్నాయి. అవి రాకుండా పీడీఎఫ్ చేస్తే స్లైడ్ మీద 13 అని ముద్ర ఉన్నది పీడీఎఫ్‌లో 11వ పేజీ అవుతుంది. ఆయన ఫోన్‌లో 13వ పేజీకి వెళ్తారు, అక్కడ ఇంకేదో ఉంటుంది. హైడ్ చేసినవి పూర్తిగా తీసేయ్, లేదంటే చివరికి తీసుకెళ్లి అనుబంధంలో కలిపేయ్. ప్రతి స్లైడ్ మీద నంబర్ కనబడేలా పెట్టు. ఆ తర్వాతే పీడీఎఫ్ చేసి, నీ ఫోన్‌లోనే తెరిచి నోట్‌లో ఉన్న నంబర్లు ఒక్కొక్కటీ సరిచూసుకో. నోట్‌లో 1.5 లక్షలని ఉంటే స్లైడ్‌లోనూ అదే కనబడాలి, అక్కడ 1,48,600 అని ఉంటే రెండింటిలో ఏది నిజమని అడిగేవాళ్లు ఉంటారు.

నోట్ పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి డెక్ చూడని మనిషి కావాలి. అకౌంట్స్‌లో ఎవరైనా అక్కకి ఆ పేరా ఒక్కటే చూపించు, డెక్ ఇవ్వకు. "ఆయన ఏం తేల్చాలి, ముందు ఏ స్లైడ్ తెరవాలి, మేం దేన్ని నమ్మలేకపోతున్నాం" అని మూడు ప్రశ్నలు అడుగు. తడుముకుంటే తప్పు ఆమెది కాదు, ఆ వాక్యం మళ్లీ రాయాలి. నువ్వు పక్కనుంచి నోటితో వివరించడం మొదలుపెట్టావంటే, ఆ వివరించిన ముక్కే నోట్‌లో లేనిది. అక్కడే రాసి పెట్టుకో.

శనివారం సాయంత్రానికల్లా పంపు. మీటింగ్‌కి గంట ముందు పంపితే అది ప్రీ-రీడ్ కాదు, ఆయనకి ఇంకో మెయిల్. ముందే పంపితే "సీజన్ అంటే ఏ నెలలు?" అని ఒక్క ముక్క జవాబు రావచ్చు. రావాలి కూడా, నీకు ఆదివారం మొత్తం చేతిలో ఉంటుంది.

కానీ పంపే ముందు ఒక పని తప్పదు. నేను రాసిన పేరాలో సీజన్ వరకే అని ఉంది, ఖర్చు మాత్రం 1.5 లక్షలే వేశాను. ఆ బండికి 1.6 లక్షల రేటు ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు ఇచ్చింది ఏడాది కాంట్రాక్టుకి. సీజన్ వరకే అంటే వాళ్లు పెంచుతారు. నెలకి బండికి పది వేలు పెంచినా నాలుగు బండ్లకి 40 వేలు, నీకు మిగిలే లాభం సరిగ్గా అంతే. ఈరోజే వాళ్లకి ఫోన్ చేసి సీజన్ రేటు కనుక్కో. పదివేలు దాటి పెంచితే ప్రతిపాదన మార్చాలి, బహుశా నాలుగు బండ్లు కాదు రెండే అడగాలి, అప్పుడు 13వ స్లైడ్ మళ్లీ లెక్క వేసి నోట్ మొదటి వాక్యం నుంచి తిరిగి రాయి. శనివారం లోపు రేటు తెలియకపోతే ఆ 1.5 లక్షల పక్కనే "ఇది ఏడాది రేటు మీద, సీజన్ రేటు సోమవారం ఉదయం చెప్తాం" అని రాసి పంపు.