1800 × 1100 ర్యాకులో నాలుగంగుళాల పైపులు ఎన్ని పడతాయి?

ప్రశ్న: పరకాలలో పైపుల దుకాణం పెడుతున్నాను. ర్యాకు లోపలి వెడల్పు 1800 మి.మీ., ఎత్తు 1100 మి.మీ. అనుకున్నాం, ఇంకా వెల్డింగ్ చేయించలేదు. నాలుగంగుళాల పీవీసీ పైపు బయటి వ్యాసం 110 మి.మీ. ర్యాకు వైశాల్యాన్ని పైపు వైశాల్యంతో భాగిస్తే 208 వస్తోంది. అన్ని పడతాయా? మధ్యలో ఎంత చోటు వృథా అవుతుంది?

జవాబు:

208 పడవు. సాకెట్టు లేని సాదా పైపులైతే 171, సాకెట్టు ఉన్నవైతే జాగ్రత్తగా పేరిస్తే 160. వెల్డింగ్ కాలేదన్నారు కాబట్టి వెంటనే చెబుతున్నాను, ర్యాకు వెడల్పు 25 మి.మీ. పెంచండి. ఎందుకో కింద వివరిస్తాను.

హనుమకొండలో ఒక పైపుల గోదాములో పద్నాలుగేళ్లు స్టాకు లెక్కలు చూశాను. చేరిన మొదటి వేసవిలో మీరు వేసిన భాగహారమే నేనూ వేశాను. మా ర్యాకు వెడల్పు 950, ఎత్తు 720. మూడంగుళాల సాదా పైపు, వ్యాసం 90. భాగిస్తే 107 వచ్చింది, 107 పైపులు తెప్పించాను. బోర్లు వేసే కాలం కావడంతో గోదాములో వేరే చోటు లేదు. హమాలీలు పేర్చడం ముగించేసరికి 90 పట్టాయి, 17 బయట మిగిలాయి. తొమ్మిది రోజులు ఎండలో పడి ఉన్న ఆ పైపులు ఎండ తగిలిన వైపు సాగి విల్లులా వంగిపోయాయి. వాటిని పూర్తి ధరకు ఎవరూ కొనలేదు.

ఆ రాత్రి కాగితం మీద గళ్లు గీసి మళ్లీ లెక్కపెట్టాను. అడ్డంగా 10, నిలువుగా 8, మొత్తం 80. భాగహారం 107 అంటోంది, గళ్ల లెక్క 80 అంటోంది, ర్యాకులో కళ్ల ముందు 90 ఉన్నాయి. మర్నాడు పెద్ద హమాలీని అడిగాను. "కాకా, పదేసి చొప్పున ఎనిమిది వరుసలే కదా పట్టాలి, తొమ్మిది ఎలా పట్టాయి?" ఆయన పై వరుసను చూపించి, "పైపు మీద పైపు ఎక్కడ నిలుస్తుంది బిడ్డా? రెండింటి నడుమ గాడిలో కూర్చుంటుంది. కూర్చున్నప్పుడల్లా కొంత కిందికి దిగుతుంది" అన్నాడు. లెక్కంతా ఆ దిగడంలోనే ఉంది.

ఆనుకుని ఉన్న రెండు పైపుల కేంద్రాలనూ, గాడిలో కూర్చున్న మూడో పైపు కేంద్రాన్నీ కలిపితే సమబాహు త్రిభుజం వస్తుంది. దాని భుజం పైపు వ్యాసమంత, ఎత్తు వ్యాసానికి 0.866 రెట్లు. అంటే మొదటి వరుస తన పూర్తి ఎత్తు తీసుకుంటుంది, ఆ తరువాతి ప్రతి వరుసకూ వ్యాసంలో 0.866 వంతు చాలు. మీ 110 పైపుకు అది 95.3 మి.మీ. మొదటి వరుస పోగా మిగిలిన ఎత్తు 990. దాన్ని 95.3తో భాగిస్తే 10 వరుసలు నిండుగా వస్తాయి. మొదటిదానితో కలిపి 11. గళ్ల లెక్కలో అయితే 10 వరుసలే.

ఇక అడ్డంగా. 1800ని 110తో భాగిస్తే 16 పైపులు, 40 మి.మీ. మిగులు. గాడుల్లో కూర్చునే వరుస సగం వ్యాసం, అంటే 55 మి.మీ., పక్కకు జరగాలి. మిగులు 40 మాత్రమే కాబట్టి రెండో వరుసలో 16 పట్టవు, 15 పడతాయి. అలా 16, 15, 16, 15 అనుకుంటూ పోతే 16 పైపుల వరుసలు ఆరు, 15 పైపుల వరుసలు ఐదు. 96 + 75 = 171.

వెడల్పు పెంచమన్నది ఇందుకే. 1815 ఉంటే ప్రతి వరుసలోనూ 16 పడతాయి, 11 వరుసలకు 176. పదిహేను మిల్లీమీటర్లతో ఐదు పైపులు ఎక్కువ. పైపుల్లోని చిన్న తేడాలకూ వెల్డింగ్ వంకరలకూ చోటు వదిలి 1825 చేయించండి. మా పాత ర్యాకులో మిగులు 50, సగం వ్యాసం 45. అందుకే అక్కడ తొమ్మిది వరుసల్లోనూ పదేసి పట్టాయి. ఎవరూ ఆలోచించి పెట్టిన కొలత కాదు, అలా కుదిరింది.

గాడిలో పేర్చడం ఎప్పుడూ లాభమే అనుకోవద్దు. ఒక్కో వరుసకు ఆదా అయ్యేది వ్యాసంలో 0.134 వంతే. ఎత్తు సరిగ్గా నిండు వ్యాసాల్లో ఉన్న ర్యాకులో ఒక వరుస అదనంగా పట్టేంత ఆదా కూడాలంటే ఆ ఎత్తు కనీసం ఎనిమిది వ్యాసాలు ఉండాలి. ఏడు వ్యాసాల వెడల్పు, ఏడు వ్యాసాల ఎత్తు ఉన్న పెట్టెలో గళ్ల పద్ధతిలో 49 పడతాయి, గాడి పద్ధతిలో 46 మాత్రమే. అదే ఎనిమిదికి ఎనిమిది అయితే 64కు బదులు 68. పెద్ద వ్యాసం పైపుకు పొట్టి ర్యాకు కట్టించేవారు ఈ తేడాను ముందే చూసుకోవాలి. అయితే గళ్ల పద్ధతిలో పైపులు తమంతట తాము నిలవవు. వరుసకూ వరుసకూ మధ్య చెక్క పట్టీలు వేయాలి, అవీ ఎత్తు తింటాయి. మీ ర్యాకులో 25 మి.మీ. పట్టీలు వేస్తే 10 వరుసలు కాస్తా 8 అవుతాయి, 160 పైపులు 128కి పడిపోతాయి. మీకు గాడి పద్ధతే సరైనది.

వృథా సంగతికి వద్దాం. గళ్ల పద్ధతిలో ఒక్కో గడిలో ఒక వృత్తం ఉంటుంది. గడిలో 78.5 శాతాన్ని వృత్తం ఆక్రమిస్తుంది, 21.5 శాతం మూలల్లో పోతుంది. గాడి పద్ధతిలో త్రిభుజంలోపల మూడు ముక్కలు కలిసి సరిగ్గా అరవృత్తం అవుతాయి. ఆక్రమించేది 90.7 శాతం, పోయేది 9.3 శాతం. ఈ రెండు అంకెల్లోనూ వ్యాసం ఎక్కడా లేదు. రెండంగుళాల పైపుకైనా పదంగుళాల పైపుకైనా సందుల వాటా అంతే.

కానీ 9.3 అన్నది అంచులే లేని చోట వచ్చే అంకె. మీ ర్యాకుకు గోడలున్నాయి. ర్యాకు వైశాల్యం 19,80,000 చదరపు మి.మీ. ఒక పైపు వైశాల్యం 9,503. దాన్ని 171తో హెచ్చిస్తే సుమారు 16,25,000. అంటే 82.1 శాతం నిండింది, 17.9 శాతం వృథా. ఇందులో సగానికి పైగా సందుల తప్పు కాదు. 15 పైపుల వరుసల పక్కన మిగిలే ఖాళీ, పైన మిగిలే 37 మి.మీ., కింది వరుస నేలను తాకే చోట, అంచు పైపులు గోడను తాకే చోట మిగిలే మూలలు, ఇవన్నీ కలిసి దాన్ని పెంచాయి. అదే ర్యాకులో సన్నని పైపులు పెడితే అంచుల వాటా తగ్గుతూ వృథా 9.3 వైపు జరుగుతుంది, దాన్ని మాత్రం దాటి దిగదు. పైపు లోపలి బోలును ఇక్కడ నిండిన చోటుగానే లెక్కేశాను. నిజానికి అతి పెద్ద ఖాళీ అదే. అందుకే నాలుగంగుళాల పైపుల్లో రెండంగుళాలవి దూర్చి లారీల్లో పంపుతారు. మీరూ అలా చేయవచ్చు.

సాకెట్ల విషయం లెక్కల పుస్తకాల్లో కనిపించదు, గోదాములో అసలు చిక్కు అదే. సాకెట్టు అంటే ఇంకో పైపు దూరేలా వెడల్పు చేసిన కొన. పైపు గోడ మందం 4 మి.మీ. అనుకుంటే సాకెట్టు దగ్గర బయటి వ్యాసం 118 దాకా ఉంటుంది. అన్ని సాకెట్లూ ఒకే వైపు పెడితే లెక్క 110తో కాదు, 118తో వేయాలి. అప్పుడు వరుసకు 15, 14 చొప్పున పది వరుసలు, మొత్తం 145. పైగా రెండో కొన కింద ఆధారం లేక పైపులు అటు వాలిపోతాయి.

ఒకదాని సాకెట్టు ఇటు, పక్కదాని సాకెట్టు అటు పెడితే సరిపోతుందని అందరూ అనుకుంటారు. గళ్ల పద్ధతిలో అది నిజమే. గాడి పద్ధతిలో మూడేసి పైపులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. కొనలు రెండే కాబట్టి, ఆ మూడింటిలో కనీసం రెండింటి సాకెట్లు ఒకే వైపు పడి తీరతాయి. ఎంత తెలివిగా మార్చి పెట్టినా ఎక్కడో ఒకచోట సాకెట్లు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. దీనికి మేం పాటించిన పద్ధతి ఇది. ఒక వరుసలో సాకెట్లన్నీ ఇటే, పై వరుసలో అన్నీ అటే. సాకెట్టు తన కింది వరుస కొన దాటి పూర్తిగా బయటికి వచ్చేలా పైపును జరపాలి. అప్పుడు ఒకే వరుసలోని పైపులు 118 దూరాన కూర్చుంటాయి, మధ్యలో 8 మి.మీ. సందు వస్తుంది. ఆ సందు వల్ల పై పైపు ఇంకాస్త లోతుగా దిగుతుంది. వరుసకు 95.3 బదులు 92.8 చాలు. పదకొండు వరుసలు తేలిగ్గా పడతాయి. 15, 14 చొప్పున మొత్తం 160, వృథా 23.2 శాతం. వెడల్పు 1825 అయితే అన్ని వరుసల్లోనూ 15, మొత్తం 165. రెండు రకాల పైపులకూ ఆ ఒక్క కొలత పనికొస్తుంది.

ఈ పేర్పులో ప్రతి పైపూ కింది రెండింటినీ పక్కలకు తోస్తుంది. ఆ బలమంతా చివరికి ర్యాకు పక్క స్తంభాల మీదికి వస్తుంది. స్తంభాలు బయటికి 15 మి.మీ. వంగినా కింది వరుస విచ్చుకుంటుంది, పై వరుసలు దిగి బిగుసుకుంటాయి, తీసేటప్పుడు పైపు రాదు. పై కొనల దగ్గర రెండు స్తంభాలనూ కలుపుతూ అడ్డ కమ్మీ వేయించండి, బోల్టుతో ఊడదీసేలా. రేకుల షెడ్డు అయితే మే నెలలో కింది వరుస పైపు కొనను అడ్డంగా, నిలువుగా కొలిచి చూడండి. రెండు కొలతలకూ తేడా కనిపిస్తే అది కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతోందని అర్థం. ముదిరితే కప్లింగులో దూరదు, రైతు వెనక్కి తెస్తాడు. అలా కనిపించిన రోజే పై రెండు వరుసలు దింపి ముందుగా అమ్మేయండి.

వెల్డింగ్ చేయించే ముందు ఒక పని చేయండి. మీకు వచ్చే కంపెనీ పైపులు ఐదు తెచ్చి, నేల మీద పక్కపక్కన ఆనించి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా టేపుతో కొలవండి. ఒకసారి సాదా కొనల దగ్గర, ఒకసారి సాకెట్ల దగ్గర. ఐదుతో భాగించగా వచ్చిన రెండు వ్యాసాలనూ పై లెక్కలో 110, 118 ఉన్న చోట వేసుకోండి. సాకెట్టు దగ్గర 118 కన్నా ఎక్కువ వస్తే 1825 కూడా చాలదు. అప్పుడు ఆ రెండు కొలతలూ ఇక్కడ రాయండి, కలిసి లెక్క వేద్దాం.