హైడ్రాక్సీయూరియా వాడే రోగి రక్త నివేదికను చదవడం ఎలా నేర్చుకోవాలి?

ప్రశ్న: నేను డీఎంఎల్‌టీ రెండో ఏడు చదువుతున్నాను. మాది పాడేరు దగ్గర ఊరు. మా చెల్లెలు సికిల్ సెల్ వ్యాధికి హైడ్రాక్సీయూరియా క్యాప్సూళ్లు వాడుతోంది, తరచూ రక్త పరీక్షలు చేస్తున్నారు. ఇలాంటి రోగులకు పరీక్షలు చేసే ల్యాబ్‌లో స్థిరపడాలంటే నేను ప్రత్యేకంగా ఏం నేర్చుకోవాలి?

జవాబు: సీబీసీ యంత్రాన్ని నడపడం మీకు కోర్సులోనే వస్తుంది. మీరు ప్రత్యేకంగా అలవరచుకోవలసింది, యంత్రం ఇచ్చిన అంకెను అదే రోగి పాత నివేదికల పక్కన పెట్టి చదవడం. హైడ్రాక్సీయూరియా సరిగా పనిచేస్తున్నప్పుడూ తెల్లకణాలు తగ్గుతాయి, మోతాదు ఎక్కువై మజ్జను అణచివేస్తున్నప్పుడూ తగ్గుతాయి. ఎక్కడి వరకు తగ్గడం మేలు, ఎక్కడి నుంచి ప్రమాదం అన్నది గుర్తించే మొదటి మనిషి ల్యాబ్ టెక్నీషియనే.

మందు చేసే పని తెలిస్తే అంకెలు అర్థమవుతాయి. సికిల్ హిమోగ్లోబిన్ అణువులు ఆక్సిజన్‌ను వదిలినప్పుడు ఒకదానికొకటి అతుక్కుని పోగులుగా మారి ఎర్రకణాన్ని కొడవలిలా వంచుతాయి. పిండ హిమోగ్లోబిన్‌లో బీటా గొలుసులకు బదులు గామా గొలుసులు ఉంటాయి. అది ఆ పోగులలో ఇమడదు కనుక అవి పెరగకుండా అడ్డుపడుతుంది. పుట్టిన మొదటి నెలల్లో బిడ్డకు సాధారణంగా ఈ వ్యాధి బాధలు కనిపించకపోవడానికి కారణం అదే. హైడ్రాక్సీయూరియా మజ్జలో డీఎన్ఏ తయారీని కొంత నెమ్మదింపజేసి, పిండ హిమోగ్లోబిన్ ఉన్న ఎర్రకణాలు ఎక్కువగా పుట్టేలా చేస్తుంది. 1995లో వెలువడిన అమెరికా అధ్యయనంలో ఈ మందు వాడిన పెద్దలలో నొప్పి సంక్షోభాలు దాదాపు సగానికి తగ్గాయి.

పిండ హిమోగ్లోబిన్ శాతాన్ని హెచ్‌పీఎల్‌సీ చెబుతుంది, కానీ అది ప్రతి నెలా చేసే పరీక్ష కాదు. మధ్యలో మీకు దారి చూపేది ఎంసీవీ. మందు క్రమం తప్పకుండా వేసుకునేవారిలో ఎర్రకణాల పరిమాణం పెరుగుతూ వస్తుంది. ఎన్ని నెలలైనా పెరగకపోతే క్యాప్సూళ్లు తప్పిపోతున్నాయేమోనని వైద్యుడు అడగాలి, ఇనుము లోపం లేదా ఆల్ఫా తలసీమియా కూడా ఉందేమో చూడాలి. ఇటీవల రక్తం ఎక్కించి ఉంటే ఎంసీవీ, పిండ హిమోగ్లోబిన్ రెండూ తప్పుదారి పట్టిస్తాయి కాబట్టి ఆ సంగతిని నివేదిక మీద రాయించండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 25 కిలోల పిల్లకు రోజుకు 500 మిల్లీగ్రాములు, అంటే కిలోకు 20 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తున్నారనుకోండి. మోతాదు కుదిరే వరకు సుమారు నాలుగు వారాలకొకసారి, కుదిరిన తరువాత రెండు మూడు నెలలకొకసారి సీబీసీ, రెటిక్యులోసైట్ కౌంట్ చేస్తారు. మోతాదు పెంచుకుంటూ పోయే పద్ధతిలో న్యూట్రోఫిల్స్‌ను మైక్రోలీటరుకు 2,000 నుంచి 4,000 మధ్య ఉంచాలన్నది లక్ష్యం; 1,250 కంటే, ప్లేట్‌లెట్లు 80,000 కంటే దిగితే మందు తాత్కాలికంగా ఆపుతారు. ఈసారి యంత్రం తెల్లకణాలు 4,000 అని చూపింది, స్లయిడ్ మీద న్యూట్రోఫిల్స్ 38 శాతం. లెక్కకు 1,520 వస్తుంది, ఫర్వాలేదనిపిస్తుంది. అయితే అదే స్లయిడ్ మీద ప్రతి 100 తెల్లకణాలకు కేంద్రకం ఉన్న ఎర్రకణాలు 25 కనిపించాయి. చిన్న యంత్రాలు వీటిని కూడా తెల్లకణాలుగానే లెక్కిస్తాయి. 4,000ను 100తో గుణించి 125తో భాగిస్తే అసలు తెల్లకణాలు 3,200, న్యూట్రోఫిల్స్ 1,216. మందు ఆపవలసిన రోగికి కొనసాగించమని చెప్పే ప్రమాదం ఇక్కడే ఉంది. స్లయిడ్ చూడకుండా ఈ రోగుల నివేదిక మీద సంతకం చేయకూడదని నేను గట్టిగా చెబుతాను.

రెటిక్యులోసైట్లను స్లయిడ్ మీద రంగు వేసి లెక్కించడం కూడా ఓపికగా నేర్చుకోండి. హిమోగ్లోబిన్ పడిపోయినప్పుడు అవి కూడా 80,000 కంటే తక్కువైతే మజ్జ అణగిపోయిందని అనుమానించాలి. పార్వోవైరస్ సోకినా ఇలాగే ఉంటుంది. అవి బాగా ఎక్కువగా ఉంటే కణాలు చితికిపోతున్నాయో, ప్లీహంలో రక్తం నిలిచిపోతోందో చూడవలసి ఉంటుంది. ఈ రెండింటికీ చికిత్సలు వేరు కాబట్టి ఇలాంటి నివేదికను మరుసటి రోజుకు వాయిదా వేయకుండా వైద్యుడికి వెంటనే ఫోన్‌లో చెప్పాలి. మోతాదు నిర్ణయం మాత్రం వైద్యుడిదే. మీ చెల్లెలి విషయంలో కూడా నివేదిక చూసి ఇంట్లో క్యాప్సూళ్లు తగ్గించడం, పెంచడం చేయవద్దు.

శిక్షణకు రక్త వ్యాధుల విభాగమూ, హెచ్‌పీఎల్‌సీ యంత్రమూ ఉన్న పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిని ఎంచుకోండి. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం గిరిజన ప్రాంతాల్లో పెద్ద ఎత్తున పరీక్షలు చేయిస్తోంది. అలా గుర్తించిన రోగులు మందు మొదలుపెట్టాక ఏళ్ల తరబడి సీబీసీ కోసం వస్తూనే ఉంటారు. ఆ పని దూరపు నగరంలో కాక మీ మన్యంలోని ఆసుపత్రిలోనే జరగాలంటే, స్లయిడ్ చదవగలిగినవారు అక్కడే ఉండాలి. డీఎంఎల్‌టీ ముగిశాక పారామెడికల్ బోర్డులో నమోదు చేయించుకుని, వీలైతే బీఎస్సీ ఎంఎల్‌టీ కూడా చదవండి.