మల్గి కరెంటు డిపాజిట్ గురించి నా బిడ్డకు

బిడ్డా,

హన్మకొండలో మల్గి కిరాయికి తీసుకుని బేకరీ పెడుతున్నావని మీ బాపు ఫోన్‌లో చెప్పాడు. ఓవెన్ కోసం లోడు 3 కిలోవాట్ల నుంచి 8కి పెంచుతున్నావని కూడా చెప్పాడు. మా ఇంటి పిల్ల సొంతంగా దుకాణం పెడుతోందన్న సంబరం ఒక పక్క, ఈ లోడు మాట ఒక పక్క, రాత్రంతా కన్ను మూతపడలేదు.

వైరింగ్ మంచి మనిషితో చేయించు. లోడు దరఖాస్తు ఓనరు సంతకంతో పెట్టు. ఎస్టిమేటు వచ్చాక రెండు పద్దులు విడివిడిగా చూడు. డెవలప్‌మెంట్ చార్జీలు కట్టాక తిరిగి రావు. సెక్యూరిటీ డిపాజిట్ మాత్రం కరెంటోళ్ల దగ్గర దాచిన సొమ్ము. అసలు ఎవరి పేరున దాస్తున్నావన్నదే నా భయం.

2009లో నేను గిర్ని పెట్టిన మల్గి నీకు గుర్తుండదు. పిండి మరకు తోడు కారం మర కూడా పెట్టాలని లోడు పెంచాను. డిపాజిట్ నేనే కట్టాను, తర్వాత రెండుసార్లు ఏసీడీ అని అదనపు డిపాజిట్ అడిగితే అదీ కట్టాను. ప్రతి రసీదూ మీ పెద్దమ్మ బిస్కెట్ డబ్బాలో మడతపెట్టి దాచింది. 2014లో ఖాళీ చేసినప్పుడు ఆ డబ్బా చంకన పెట్టుకుని ఆఫీసుకు పోయాను. కౌంటర్‌లో ఆయన ఒక రసీదు విప్పి, పేరు ఉన్న చోట వేలు పెట్టి చూపించాడు. అక్కడ ఓనరు పేరు ఉంది. ఐదేళ్లలో ఎన్నిసార్లు ఆ కాగితం పట్టుకున్నానో, ఒక్కసారీ ఆ గీత చదవలేదు. సర్వీసు ఎవరి పేరున ఉంటే డిపాజిట్ వాళ్లదే అన్నాడు. ఓనరును అడిగితే, నాకేం తెలుసు, కరెంటోళ్లనే అడుగు అన్నాడు. పదకొండు వేల నాలుగు వందలు. ఆ నెల మీ అన్న కాలేజీ ఫీజుకు చేబదులు తెచ్చాను.

అందుకని కిరాయి అగ్రిమెంటు మీద సంతకం పెట్టకముందే కరెంటు బిల్లుల లెక్కలు చూసే ఈఆర్‌ఓ ఆఫీసుకు పోయి, ఆ సర్వీసు నంబరు మీద ఇప్పుడు ఎంత డిపాజిట్ ఉందో రాయించుకో. ఆ అంకె అగ్రిమెంటులో వేయించు. ఖాళీ చేసే రోజు ఎంత పెరిగి ఉంటే అంత ఓనరు నీకు ఇవ్వాలని ఒక వాక్యం రాయించు. ఆయన ఒప్పుకుంటే నీ పేరునే కొత్త సర్వీసు తీసుకోవడం ఇంకా మేలు. అప్పుడు సర్వీసు తీసేయించాక బాకీ బిల్లు పోను మిగిలింది నీకే ఇస్తారు. మొహమాటపడకు తల్లీ, మొహమాటానికి నేను కట్టిన ధర నీకు చెప్పాను.

ఇంకొకటి. లోడు పెంచిన రోజు కట్టిన దాంతో అయిపోయింది అనుకుంటారు అందరూ. అది కిలోవాట్ల లెక్క. తర్వాత ఏటా వాడకాన్ని బట్టి ఇంకో లెక్క వేస్తారు. ఏప్రిల్ నుంచి మార్చి దాకా సగటు బిల్లు తీసి, రెండు నెలల బిల్లుకు సరిపడా డిపాజిట్ ఉండాలంటారు. తక్కువైతే ఆ తేడా ఏసీడీ పేరుతో అడుగుతారు. 2023 జనవరిలో మన ఉత్తర తెలంగాణలో జనం గొడవ చేసింది దీని మీదే.

నీ సంగతే చూద్దాం. ఇప్పుడు నెలకు 3,000 బిల్లు, డిపాజిట్ 6,000 ఉందనుకో. అక్టోబరులో లోడు పెంచి ఇంకో 4,000 కట్టావు, మొత్తం 10,000. ఓవెన్ వచ్చాక బిల్లు 9,000 అయింది. ఆ మార్చికి ఆరు నెలలు పాత బిల్లు, ఆరు నెలలు కొత్త బిల్లు, సగటు 6,000. ఉండాల్సింది 12,000, కాబట్టి 2,000 అడుగుతారు. ఇంతేనా అని తేలిగ్గా కట్టేస్తావు. మరుసటి ఏడు పన్నెండు నెలలూ 9,000 బిల్లే. ఉండాల్సింది 18,000, ఒకేసారి 6,000 అడుగుతారు. ఆ ఏటికి డబ్బు ముందే పక్కన పెట్టుకో. నోటీసు వచ్చాక గడువు దాటనివ్వకు, ఓవెన్‌లో బ్రెడ్ ఉండగా కరెంటు తీస్తే నువ్వు ఏడుస్తావు, నేను చూడలేను. వాడకం తగ్గితే లెక్క కూడా దిగుతుంది, మిగులును వచ్చే బిల్లుల్లో తగ్గిస్తారు.

డిపాజిట్ మీద వడ్డీ కూడా ఇవ్వాలని 2003 విద్యుత్ చట్టం 47వ సెక్షన్‌లోనే ఉంది, రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు తగ్గకుండా. ఏటా మే తర్వాతి బిల్లులో తగ్గింపుగా కనిపించాలి. రేటు 6 శాతం ఉంటే 10,000 మీద 600 అన్నమాట. బిల్లు కట్టేది నువ్వు కాబట్టి, పేరు ఓనరుదైనా ఆ వడ్డీ నీ చేతికే అందుతుంది. అసలు మాత్రం అలా రాదు, దానికే ఆ అగ్రిమెంటు వాక్యం. జూన్ బిల్లులోనూ వడ్డీ కనిపించకపోతే బిల్లు పట్టుకుని ఈఆర్‌ఓకు పో.

అగ్రిమెంటు రాసేది వచ్చే ఆదివారమట కదా. నేను శనివారం రాత్రి బస్సుకు వస్తున్నా. స్టాంపు కాగితం కొను, రాత ఇంకా మొదలుపెట్టించకు. ఆ బిస్కెట్ డబ్బా తెస్తున్నా, నా రసీదుల మీద ఆ పేరు ఎక్కడ ఉంటుందో నీకు చూపించాలి.

మీ పెద్దబాపు