సెప్టెంబరు 30న కట్టిన డిపాజిట్ ఏ వరుసలోకి వస్తుంది?

ప్రశ్న: *పోస్టాఫీసు ఏజెంటుని. సీనియర్ సిటిజన్స్ డిపాజిట్లకు వడ్డీ రేట్ల పట్టిక తయారు చేసుకున్నాను. ఒక్కో వరుసలో మొదలు తేదీ, ముగింపు తేదీ, రేటు ఉన్నాయి. డిపాజిట్ తేదీని బట్టి రేటు దానంతట అదే రావాలని IF లోపల IF పెట్టి రాశాను. చాలావాటికి వస్తోంది, కొన్నింటికి మాత్రం FALSE అని పడుతోంది. అవన్నీ సరైన తేదీలే. ఫైలు జత చేశాను, చూసి చెప్పగలరు.*

జవాబు: ముందు మీ ఫైల్లో FALSE పడిన ఒక్క వరుసను దగ్గరగా చూద్దాం. తేదీ 30-09-2022 అని కనిపిస్తోంది. పట్టికలో 01-04-2020 నుంచి 30-09-2022 వరకు 7.4 శాతం, 01-10-2022 నుంచి 31-12-2022 వరకు 7.6 శాతం అని ఉంది. కంటితో చూస్తే 7.4 రావాలి. కానీ ఆ గడి మీద క్లిక్ చేసి పైన ఫార్ములా బార్ చూడండి. అక్కడ 30-09-2022 16:12 అని ఉంది. మీ రసీదుల యాప్ తేదీతో పాటు టైమును కూడా పంపింది, గడిలో మాత్రం తేదీ ఒక్కటే కనిపిస్తోంది.

స్ప్రెడ్‌షీట్‌కు తేదీ అంటే ఒక అంకె. 30-09-2022 అంటే 44834. అదే రోజు సాయంత్రం 4:12 అంటే 44834.675. మీ ముగింపు గడిలో ఉన్నది 44834, అంటే ఆ రోజు మొదలైన అర్ధరాత్రి. సాయంత్రం కట్టిన డిపాజిట్ దానికంటే పెద్దది కాబట్టి 7.4 వరుసలో ఇమడదు. తర్వాతి వరుస 44835 దగ్గర మొదలవుతుంది కాబట్టి అందులోనూ ఇమడదు. రెండు వరుసల మధ్య ఒక రోజు ఖాళీ పడింది. అందుకే మీకు FALSE వచ్చినవాటిలో ఎక్కువ భాగం కాలం ఆఖరి రోజువే. ఈ ఫిర్యాదు నాకు నెలకు రెండు మూడుసార్లైనా వస్తుంది. ఒకరు హాస్టల్ ఫీజు అంటారు, ఇంకొకరు అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ అంటారు. జబ్బు మాత్రం ఒకటే.

దీనికి మందుగా IF ను ఇంకా పొడిగించకండి. మీ పట్టికలో ఒక కాలం ముగిసిన మర్నాడే ఇంకో కాలం మొదలవుతుంది, మధ్యలో ఖాళీ లేదు. అలాంటప్పుడు రేటు తేవడానికి ముగింపు తేదీ అవసరమే లేదు. మొదలు తేదీల్లో మన తేదీకి సమానమైనదో, దానికి ముందున్న వాటిలో ఆఖరిదో దొరికితే చాలు. A లో మొదలు తేదీ, B లో ముగింపు, C లో రేటు, E లో డిపాజిట్ తేదీ ఉన్నాయనుకుంటే:

```
=LOOKUP(E2,A$2:A$50,C$2:C$50)
```

షరతు ఒక్కటే. A లోని తేదీలు పాతది పైన, కొత్తది కింద ఉండేలా వరుస క్రమంలో ఉండాలి. లేకపోతే ఎర్రర్ కూడా రాకుండా తప్పు రేటు వస్తుంది. మీ ఐదు వరుసలు ఇలా ఉండాలి:

```
01-07-2019   31-03-2020   8.6
01-04-2020   30-09-2022   7.4
01-10-2022   31-12-2022   7.6
01-01-2023   31-03-2023   8.0
01-04-2023                8.2
```

సాయంత్రం 4:12 ఇప్పుడు అడ్డురాదు. 44834.675 కు ముందున్న ఆఖరి మొదలు తేదీ 01-04-2020, కాబట్టి 7.4 వస్తుంది. మొదటి వరుస కంటే ముందు తేదీ ఇస్తే #N/A వస్తుంది, అది రావాలి కూడా. ఈ పథకంలో కట్టిన రోజు రేటే ఐదేళ్లూ ఉంటుంది కాబట్టి తప్పు చిన్నదే అయినా చాలాకాలం వెంట వస్తుంది. 5 లక్షలకు 7.4 అయితే మూడు నెలలకు 9,250 రూపాయలు, 7.6 అయితే 9,500. శుక్రవారం సెప్టెంబరు 30న కట్టినవారికి మీరు ఒక రేటు చెప్పి, పోస్టాఫీసు ఇంకోటి ఇస్తే మాట పడేది మీరే. ఇంకో సంగతి. ఐదేళ్లయ్యాక పొడిగించిన ఖాతాలకు మెచ్యూరిటీ నాటి రేటు వర్తిస్తుంది. వాటికి E లో మొదట కట్టిన తేదీ కాకుండా మెచ్యూరిటీ తేదీ వేయాలి. మీ ఫైల్లో అలాంటివి నాలుగు కనిపించాయి, నాలుగింటికీ పాత తేదీయే ఉంది.

ముగింపు తేదీని తీసేయమని కాదు, చేత్తో టైప్ చేయొద్దంటున్నాను. ఒకే విషయాన్ని రెండు గడుల్లో రాస్తే ఎప్పుడో ఒకసారి రెండూ తేడాగా ఉంటాయి. B2 లో `=A3-1` అని రాసి కిందికి లాగండి. ఆఖరి వరుసలో ముగింపు ఖాళీగా వదలకుండా `=TODAY()` పెట్టండి. అప్పుడు పక్కన ఒక తనిఖీ గడి పెట్టుకోవచ్చు:

```
=COUNTIFS(A$2:A$50,"<="&E2,B$2:B$50,">="&INT(E2))
```

INT టైమును కోసేసి రోజును మాత్రం ఉంచుతుంది. ఫలితం 1 వస్తే ఆ తేదీ ఒకే ఒక్క కాలంలో ఉంది. 0 వస్తే ఏ కాలంలోనూ లేదు. 2 వస్తే రెండు కాలాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, పట్టికనే సరిదిద్దాలి. 2023 బదులు 2032 అని కొట్టిన తేదీకి LOOKUP మౌనంగా 8.2 ఇస్తుంది. ఈ తనిఖీ గడి మాత్రం 0 చూపించి పట్టేస్తుంది.

కాలాల మధ్య నిజంగానే ఖాళీలుంటే మొదలు తేదీ ఒక్కటే చాలదు. గోదావరి పుష్కరాలు 2015 జులై 14 నుంచి 25 వరకు, కృష్ణా పుష్కరాలు 2016 ఆగస్టు 12 నుంచి 23 వరకు జరిగాయి. 2016 జనవరి 1 ఇచ్చి పై LOOKUP ను అడిగితే గోదావరి పుష్కరాలని చెబుతుంది. అలాంటి పట్టికకు ముగింపు కూడా చూడాలి:

```
=IF(INT(E2)<=LOOKUP(E2,A$2:A$50,B$2:B$50),
 LOOKUP(E2,A$2:A$50,C$2:C$50),"లేదు")
```

ఇక మీ ఫైల్లో FALSE పడని తప్పులు కూడా ఉన్నాయి, నాకు టెన్షన్ వాటితోనే. మీ యాప్ కొన్ని తేదీలను రోజు-నెల-సంవత్సరంగా పంపింది, మీ షీటు వాటిని నెల ముందుగా చదివింది. అక్టోబరు 5న కట్టిన డిపాజిట్ 05-10-2022 అని వస్తే దాన్ని మే 10 అనుకుంది. రేటు 7.6 కు బదులు 7.4 వచ్చింది. ఎర్రర్ లేదు, FALSE లేదు. 25-10-2022 అయితే 25వ నెల లేదు కాబట్టి దాన్ని తేదీగా గుర్తించక అక్షరాలుగా ఉంచేసింది. గడిలో ఎడమవైపుకు అతుక్కుని ఉన్నవి అవే. `=ISNUMBER(E2)` కు FALSE చెప్పేవీ అవే. చాలామంది ఆ ఎడమవైపు వాటిని మాత్రం సరిదిద్ది ఊరుకుంటారు. తేదీ 12 లోపు ఉన్నవి అప్పటికే తిరగబడి, చూడ్డానికి బాగానే ఉన్న అంకెలుగా కూర్చుని ఉంటాయి. కాబట్టి ఈ షీటులో ఒక్కొక్కటీ దిద్దకండి. యాప్ నుంచి వచ్చిన అసలు ఫైలును తీసుకుని, ముందు షీటు Locale ను India గా మార్చి, లేదా ఇంపోర్ట్ చేసేటప్పుడు తేదీ కాలమ్‌కు DMY ఎంచుకుని, మొత్తం మళ్లీ తెచ్చుకోండి.

ఈ రసీదుల యాప్‌లు తయారుచేసేవాళ్ల మీద నాకు నిజంగా కోపం. 2022-09-30 అని సంవత్సరం ముందు రాసే పద్ధతి ఉంది. దాన్ని ISO 8601 అంటారు, ఏ షీటైనా తికమక పడకుండా చదువుతుంది. అది వదిలేసి, ఒక అప్‌డేట్‌లో ఒక తీరుగా, ఇంకో అప్‌డేట్‌లో ఫోన్ భాషను బట్టి మరో తీరుగా తేదీలు పంపిస్తున్నారు. లెక్కల యాప్‌కు తేదీ సరిగ్గా పంపడం కంటే ముఖ్యమైన పని ఏముంటుంది?

మీ మీద కూడా ఒక కోపం ఉంది. ఈ ప్రశ్నకు నాకు కావలసింది నాలుగు కాలమ్‌లు. మీరు పంపిన ఫైల్లో పెద్దవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్, పాన్, ఖాతా నంబర్లు, కట్టిన మొత్తం, మెచ్యూరిటీ తేదీ అన్నీ ఉన్నాయి. ఆధార్ కాలమ్‌ను హైడ్ చేశారు, కానీ Unhide నొక్కగానే నాకు కనిపించింది. చూసిన వెంటనే ఆ ఫైలును తీసేశాను. అదే షీటు లింకును Anyone with the link, Editor అని పెట్టారు. ఆ లింకు వాట్సాప్‌లో ఎవరి చేతికి వెళ్లినా చూడొచ్చు, మార్చొచ్చు కూడా.

నిరుడు మా పిన్నికి ఒక ఫోన్ వచ్చింది. ఆమె డిపాజిట్ ఎంతో, ఏ తేదీకి మెచ్యూర్ అవుతుందో చెప్పి, రెన్యువల్‌కు ఓటీపీ వస్తుంది చెప్పమన్నాడు. మెచ్యూరిటీ తేదీ సరిగ్గా చెప్పాడు కాబట్టి పోస్టాఫీసు మనిషే అనుకుంది. ఓటీపీ చదవబోతుండగా మా తమ్ముడు ఫోన్ లాక్కున్నాడు. ఆ తేదీ బయటికి ఎలా వెళ్లిందో ఇప్పటికీ తెలియదు. మీ షీటు చూసినప్పుడు నాకు ఆమె గొంతే గుర్తొచ్చింది. ఇలాంటి ఒక్క షీటు దొరికితే మోసగాడికి ఎవరికి ఏ రోజున ఫోన్ చేయాలో జాబితా దొరికినట్టే.

ఈ రోజే ఆ లింకును Restricted చేయండి. ఆధార్ కాలమ్‌లో చివరి నాలుగంకెలు ఉంచి మిగతావి చెరిపేయండి, రేటు లెక్కకు ఆధార్‌తో పనిలేదు. షీటు ప్రొటెక్షన్ పాస్‌వర్డ్ దిద్దుబాటును ఆపుతుంది గానీ చదవడాన్ని ఆపదు. కంప్యూటర్‌లో ఉన్న ఫైలుకైతే తెరవడానికే పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. రేట్ల పట్టికను విడిగా లాక్ చేయండి, ఎందుకంటే A4 లో ఎవరైనా ఒక్క తేదీ మారిస్తే ఆ కాలంలో కట్టిన పాత డిపాజిట్ల రేట్లు కూడా చప్పుడు లేకుండా మారిపోతాయి. ఇంకోసారి నాకు పంపాల్సి వస్తే పట్టికనూ, తేదీల కాలమ్‌నూ కొత్త ఫైల్లోకి Paste values చేసి, పేర్లు లేకుండా పంపండి.