ఆదివారాలు, పండగ డ్యూటీలు పంచడం: కొత్త ఇన్‌చార్జ్ సిస్టర్‌కు ఒక ఉత్తరం

అమ్మాయీ,

వచ్చే నెల నుంచి వార్డు డ్యూటీ లిస్టు నువ్వే వేస్తున్నావని తెలిసింది. మామూలు రోజుల గళ్లు గబగబా నిండిపోతాయి. ఆదివారాలు, పండగల దగ్గరికి వచ్చేసరికే టెన్షన్ మొదలవుతుంది. అందుకే వాటి గురించి మాత్రమే రాస్తున్నాను.

ఇన్‌చార్జ్‌గా వచ్చిన కొత్తలో ఆ గళ్లు నేను మనసుకు తోచినట్టు నింపేదాన్ని. బతిమాలినవాళ్లకు ఆఫ్, నోరు విప్పనివాళ్లకు డ్యూటీ. ఒకరోజు ఒక స్టాఫ్ నర్స్ మూడు పాత లిస్టులు తెచ్చి నా టేబుల్ మీద పరిచింది. వరసగా మూడేళ్ల పండగ లిస్టులవి. మూడింట్లోనూ ఆమె పేరు పక్కన నా చేత్తో రాసిన నైట్ డ్యూటీ ఉంది. పెళ్లి కాలేదు, హాస్టల్లో ఉంటుంది, పండగకి ఎక్కడికి వెళ్తుందిలే అనుకున్నాను. ఇంటి దగ్గర వాళ్లమ్మ మూడేళ్లుగా ఎదురుచూస్తోందని ఆ రోజే తెలిసింది. ఆమెకు ఏం చెప్పాలో తోచలేదు. తప్పు నాదే.

ఏ నెల లిస్టు ఆ నెలకు సరిగ్గానే కనిపిస్తుంది. అన్యాయం బయటపడేది ఏడాది లిస్టులు పక్కపక్కన పెట్టినప్పుడే. కాబట్టి ముందు ఒక నోట్‌బుక్ పెట్టు. ఒక్కొక్కరికి ఒక వరస, అందులో చేసిన ఆదివారాలు, చేసిన పండగలు. అది అందరికీ కనపడేచోట ఉండాలి.

ఇప్పుడు లెక్క చూడు. నీకు 12 మంది ఉన్నారనుకుందాం. ఆదివారం మార్నింగ్‌కు ముగ్గురు, ఈవినింగ్‌కు ఇద్దరు, నైట్‌కు ఇద్దరు, మొత్తం ఏడుగురు కావాలి. 12 వారాలకు 84 డ్యూటీలు. తలా 7 ఆదివారాల డ్యూటీ, 5 ఆదివారాలు ఖాళీ. ఇక్కడివరకు ఎవరైనా వేస్తారు. మోసమంతా నైట్ దగ్గరుంది.

శనివారం నైట్ చేసి, ఆదివారం పొద్దున హ్యాండోవర్ ఇచ్చి వెళ్లిన అమ్మాయికి లిస్టులో ఆదివారం ఖాళీగానే కనిపిస్తుంది. కానీ ఆ రోజు ఆమెకు నిద్రలోనే పోతుంది. అది ఆఫ్ కాదు, పోయిన ఆదివారమే. నైట్ బ్యాచ్ ఆదివారం మారుతుంటే, దిగేవాళ్లు ఇద్దరు, ఎక్కేవాళ్లు ఇద్దరు, నలుగురికీ ఆదివారం పోతుంది. అంటే ఏడుగురు కాదు, తొమ్మిదిమంది. 12 వారాల్లో ఒక్కొక్కరికి నిజంగా మిగిలేది మూడే ఆదివారాలు. సోమ, మంగళ, బుధవారం రాత్రులు ఒక బ్యాచ్‌కు, గురువారం నుంచి ఆదివారం దాకా నాలుగు రాత్రులు ఇంకో బ్యాచ్‌కు ఇచ్చి చూడు. శని, ఆదివారం రాత్రులు ఒకే ఇద్దరివి అవుతాయి. ఒక్క మనిషినీ అదనంగా తీసుకోకుండానే ఒక్కొక్కరికి రెండు ఆదివారాలు తిరిగొస్తాయి.

అయితే ఇందులో నేను కాలు జారిన చోటు ఒకటి ఉంది. 12 మందిని ఆరు జతలు చేసి వరసగా తిప్పితే, వారానికి రెండు జతల చొప్పున మూడు వారాల్లో ఒక చుట్టు పూర్తవుతుంది. నాలుగో వారం మళ్లీ మొదటి జతకే సోమవారం వస్తుంది. అలా మూడు జతలకు ఎప్పుడూ సోమవారం బ్యాచే, మిగతా మూడు జతలకు ఎప్పుడూ ఆదివారం బ్యాచే. ఎవరిమీదా పక్షపాతం లేకపోయినా, వరస తప్పకపోయినా జరిగేది ఇదే. మూడు వారాలకోసారి ప్రతి వారంలోని రెండు జతల క్రమం తారుమారు చెయ్యి, సరిపోతుంది.

ప్రతి షిఫ్ట్‌లో సీనియర్ ఒకరు ఉండాలి కదా, దాన్ని కూడా ఈ లెక్కలో చూసుకో. సీనియర్లు నలుగురే ఉంటే, ఆదివారం మూడు షిఫ్ట్‌లకు ముగ్గురు వెళ్లిపోతారు. 12 వారాల్లో తలా 9 ఆదివారాలు పడతాయి, మిగతా ఎనిమిదిమందికి 6 చొప్పునే. లిస్టు ఎంత అటూఇటూ మార్చినా ఈ తేడా పోదు. ఐదో మనిషిని షిఫ్ట్ ఒంటరిగా నడపగలిగేలా తయారుచేస్తే మాత్రం అందరికీ దాదాపు 7 దగ్గరికి వస్తుంది. సీనియర్లు ఆదివారాల గురించి గొణుగుతుంటే ముందు ఈ లెక్క వేసి చూడు. వాళ్లు నిజమే చెబుతూ ఉండొచ్చు.

ఇక పండగలు. ఏడాది మొదట్లోనే అందరికీ తలా ఒక చీటీ ఇచ్చి, ఇంట్లో ఉండి తీరాలనుకునే రోజు ఒకటి, దాని తర్వాతది ఒకటి రాయమను. ఎవరికి ఏ పండగ ముఖ్యమో పేరునుబట్టో, మతాన్నిబట్టో, పిల్లలున్నారా లేరా అన్నదాన్నిబట్టో నువ్వే అనుకోవద్దు. అడుగు.

తొమ్మిదిమంది ఒకే పండగ రాశారనుకో. ఆ రోజు ఏడుగురు డ్యూటీలో ఉండాలి, ఆఫ్‌కు ఐదు గళ్లే ఉన్నాయి. వేరే రోజు రాసిన ముగ్గురు ఒప్పుకుంటే వాళ్లు డ్యూటీ చేస్తారు, వాళ్ల రోజు వాళ్లకు తప్పకుండా ఇవ్వాలి. మిగిలిన నాలుగు డ్యూటీలు ఆ తొమ్మిదిమందిలో నలుగురికి పడాలి. నోట్‌బుక్ తీసి, పోయినేడు ఆఫ్ తీసుకున్నవాళ్ల నుంచి మొదలుపెట్టు. నోట్‌బుక్ ఇంకా ఖాళీగా ఉంటే అందరి ఎదుటా చీటీలు తియ్యి. ఈ ఏడు చేసిన నలుగురికి వచ్చే ఏడు ముందు ఆఫ్ రాసేస్తావు, మిగిలిన ఒక్క గడికి తక్కిన ఐదుగురిలో చీటీ. రెండేళ్లలో పది గళ్లు, తొమ్మిదిమంది మనుషులు. ఏ ఒక్కరికీ వరసగా రెండేళ్లు పోదు. నాకు పన్నెండు మంది ఎదుట నిలబడి మాట్లాడే ధైర్యం ఇచ్చింది ఈ లెక్కే.

పండగ ముందు రాత్రి నైట్ చేసినా పండగ డ్యూటీగానే రాయి. ఇంకోమాట, ఆ ఐదు గళ్లలోనే సెలవులు కూడా రావాలి. ఆరు నెలల ముందే లీవ్ లెటర్ పెట్టి, ముందు అడిగాను కాబట్టి నాదే అనేవాళ్లు ఉంటారు. చీటీలు తేలేవరకు పండగ వారానికి లీవ్ శాంక్షన్ చేయకు. పెళ్లి, ఆపరేషన్ లాంటివి వేరు, వాటికి ఇవ్వాల్సిందే. పండగ రోజున ఎవరైనా జ్వరమని ఫోన్ చేస్తే అనుమానపడి మాట అనకు. ఆమె బదులు వచ్చినామె వరసలో పండగ డ్యూటీ రాయి, రానామె వరసలో రాయకు, అంతే. తర్వాతి పండగకు నోట్‌బుక్కే చెబుతుంది ఎవరి వంతో.

వాళ్లలో వాళ్లు మార్చుకోవడానికి అడ్డు చెప్పకు. ఇద్దరూ సంతకం పెట్టాలి, సీనియర్ బదులు సీనియరే రావాలి. నోట్‌బుక్‌లో మాత్రం నిజంగా పనిచేసిన మనిషి పేరే ఎక్కాలి. మూడు నెలలకోసారి ఆ సంతకాలు ఒకసారి తిరగెయ్యి. ఒకే అమ్మాయి ఎప్పుడూ తన ఆదివారం ఇస్తూ, తిరిగి తీసుకోకుండా ఉంటే ఆమెను విడిగా పిలిచి అడుగు. అందరి ముందు అడిగితే ఫర్వాలేదు సిస్టర్ అంటుంది. విడిగా అడిగితే ఎవరికి కాదనలేకపోతోందో చెబుతుంది.

మొదటి లిస్టు అతికించే ముందు నాకు ఫోటో తీసి పంపు. నైట్ జతలు, ఆదివారాలు నేను కూడా ఒకసారి లెక్కపెడతాను.

ఇట్లు,
నీ పాత ఇన్‌చార్జ్ సిస్టర్