మోడల్ షీట్‌లో నేను మర్చిపోయిన కొప్పు

ప్రశ్న: మా క్యారెక్టర్‌ని నలుగురు యానిమేటర్లకి ఇవ్వాలి. టర్న్‌అరౌండ్, ఎక్స్‌ప్రెషన్లు వేశాను. అయినా ఒక్కొక్కరి చేతిలో ఒక్కోలా వస్తుందేమోనని భయం. ఇంకేం చూసుకోవాలి?

నేను వైజాగ్‌లో టూడీ పని చేస్తాను. నా మొదటి షీట్ ఎలా దెబ్బతిందో చెప్తాను, మీకు పనికొస్తుంది.

క్యారెక్టర్ జాలారిపేటలో చేపలమ్మే మామ్మ. కొప్పు ఎడమ చెవి వెనక్కి వాలి ఉంటుంది. ఫ్రంట్, త్రీక్వార్టర్, సైడ్, వెనక త్రీక్వార్టర్, బ్యాక్ అని అందరూ వేసే ఐదు వ్యూలే వేశాను, అన్నీ ఆమె ఎడమ పక్క నుంచే. ఒక షాట్‌లో మామ్మని కుడి పక్క నుంచి చూపించాలి. యానిమేటర్ నా డ్రాయింగునే ఫ్లిప్ చేసి వాడేశాడు. కట్ పడగానే కొప్పు ఈ చెవి నుంచి ఆ చెవికి గెంతింది! అతన్ని ఏమనగలం, తిప్పొద్దని షీట్‌లో ఎక్కడా రాయలేదు. కుడి పక్క మూడు వ్యూలూ కొత్తగా గీశాను. ఆ పక్క సైడ్ వ్యూలో కొప్పు తల వెనక నుంచి కాస్తంతే తొంగిచూస్తుంది. మీ క్యారెక్టర్‌కి పాపిడి, జేబు, పుట్టుమచ్చ ఏదైనా ఒక పక్కే ఉంటే మీకూ ఎనిమిది వ్యూలు తప్పవు.

తల పైభాగం, కళ్ళు, గడ్డం, భుజం, మోకాలు దగ్గర అడ్డగీతలు మీరెలాగూ గీసే ఉంటారు. అవి ఎత్తు సరిపోయిందో లేదో చెప్తాయి, లావు సంగతి చెప్పవు. అందుకే ఎనిమిది వ్యూలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి, ఒక్కోటి రెండేసి ఫ్రేములు ఉంచి ప్లే చేయండి. బొమ్మ గుండ్రంగా తిరగాలి. మా మామ్మ తల వెనక త్రీక్వార్టర్‌లోకి రాగానే గుమ్మడికాయలా ఉబ్బేది, విడివిడిగా చూసినప్పుడు నాకు తెలియనే లేదు.

ఎక్స్‌ప్రెషన్లన్నీ ఫ్రంట్‌లో వేయడం నేను చేసిన ఇంకో పొరపాటు. షాట్లు చూస్తే ఎక్కువ భాగం త్రీక్వార్టర్‌లోనే ఉన్నాయి. పగలబడి నవ్వే చోట ఒకరు తలంతా సాగదీశారు, ఇంకొకరు దవడ కదపకుండా నోరొక్కటే పెద్దది చేశారు. ఈసారి ప్రతి ఎక్స్‌ప్రెషన్ గీతల అడుగున మామూలు మొహాన్ని లేత నీలంలో ఉంచాను. నుదురు, పుర్రె కదలలేదని, దవడ మాత్రం దిగిందని, బుగ్గలు లేచి కింది రెప్పల్ని పైకి నెట్టాయని దాన్నిబట్టి తెలిసిపోతుంది. చిరునవ్వు, నవ్వు, దీన్ని మించి నోరు తెరవకూడదు అనే హద్దు, ఇలా నవ్వుకే మూడు బొమ్మలు పెట్టాను.

పంపించేముందు షీట్ చూడని ఒకరికి ఇచ్చి, అందులో లేని పోజు ఒకటి గీయమనండి. మీరు పక్కన కూర్చోండి గానీ నోరు విప్పొద్దు. నేనిలా ఇస్తే మా జూనియర్ పెన్ను పెట్టకముందే అడిగాడు, "నెత్తిమీద బుట్ట ఉంటే కొప్పు ఏమవుతుందండీ?" అని. చేపలమ్మే మామ్మకి బుట్టతో ఒక్క డ్రాయింగూ వేయలేదు నేను. చుట్టకుదురు, బుట్ట, దానికింద నలిగిన కొప్పుతో ఆ రాత్రే ఇంకో షీట్ వేశాను.